ఏది కదిలిందో చెప్పని మాస్టారు

సాయంత్రం కాలేజీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. హాజరుపట్టీ మోసుకొచ్చే గుమాస్తాతో సహా అందరికీ ఆయన ‘ఏది కదిలింది మాస్టారు’. ఆ పేరు ఆయనకీ తెలుసు. తెలియనట్టు నటించేవాడు, లోపల మురిసిపోయేవాడు.

అక్కడికి వచ్చేవాళ్లు పిల్లలు కారు. పగలంతా కొట్లలోనో, ఆఫీసుల్లోనో, బ్యాంకు కౌంటర్ల వెనకో నిలబడి, ఆరు కొట్టేసరికి మూడంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి కూర్చునేవాళ్లు. లిఫ్టు ఉండేది, కానీ దాని తలుపు మీద ‘మరమ్మతులో ఉంది’ అన్న కాగితం అతికించి పదేళ్లయింది. వాళ్లకి మాస్టారు కంపెనీల లెక్కలు చదవడం నేర్పేవాడు. లెక్కలు రాయడం కాదు, చదవడం. రెండూ ఒకటే అనుకునేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మండేది.

ఏ బ్యాచి అయినా మొదటి నెలలో ఒక రోజు తప్పకుండా ఇలా జరిగేది. బోర్డు మీద ఒక కంపెనీ రెండేళ్ల అంకెలు వేసి, “ఏం కనిపిస్తోంది?” అని అడిగేవాడు. ముందు బెంచీలోంచి ఎవరో ఉత్సాహవంతుడు లేచి, “రిటర్న్ ఆన్ ఈక్విటీ పెరిగింది సార్. యజమానుల సొమ్ము మీద లాభం పన్నెండు శాతం నుంచి పదిహేను అయింది. కంపెనీ బాగుపడింది” అనేవాడు.

“పెరిగిందని చెప్పడానికి నువ్వెందుకు నాయనా, రోడ్డు మీద పోయేవాణ్ణి పిలిచినా చెప్తాడు. ఏది కదిలింది?”

ఆ కుర్రాడు బిక్కమొహం వేసేవాడు. అప్పుడు మాస్టారు సుద్దముక్క తీసుకుని ఆ శాతాన్ని మూడు ముక్కలు చేసేవాడు. వంద రూపాయల సరుకు అమ్మితే ఖర్చులన్నీ పోగా చేతిలో మిగిలేది ఎంత, అది మార్జిన్. కంపెనీలో ఉన్న ప్రతి రూపాయి ఆస్తీ ఏడాదిలో ఎన్ని రూపాయల అమ్మకం తెచ్చింది, అది టర్నోవర్. యజమానులు పెట్టిన సొంత రూపాయి మీద ఎన్ని రూపాయల ఆస్తి నిలబడి ఉంది, అది మల్టిప్లయర్. ఈ మూడూ గుణిస్తే మళ్లీ మొదటి శాతమే వస్తుంది. డ్యూపాంట్ పద్ధతి అంటే ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

“మార్జిన్ కదిలితే సరుకు బాగా అమ్ముకుంటున్నారో, ఖర్చు తగ్గించారో అనుకో. టర్నోవర్ కదిలితే ఉన్న మిషన్లని బాగా తిప్పుతున్నారనుకో. ఆ రెండూ కదలకుండా మల్టిప్లయర్ ఒక్కటే కదిలిందా, అక్కడ ఆగు. సొంత సొమ్ము తగ్గి, ఊరివాళ్ల సొమ్ము పెరిగిందన్నమాట. ఒకడు తిని లావయ్యాడు, ఇంకొకడు వాచి లావయ్యాడు. కాటాకి ఇద్దరూ ఒకటే బరువు. వాపు చూసి బలుపు అనుకునేవాడికి నా పరీక్షలో సున్నా.”

సున్నా అంటే నిజంగా సున్నాయే. ‘పెరిగింది’ అని మాత్రమే రాసి, ఏ ముక్క కదిలిందో రాయనివాడికి ఇరవై రెండేళ్లలో ఒక్క మార్కు కూడా వేసిన పాపాన పోలేదు. ఏడ్చినవాళ్లున్నారు, తిట్టుకున్నవాళ్లున్నారు. “సార్, నేను రాసింది తప్పు కాదు కదా” అని వాదించినవాళ్లకి ఆయన చెప్పే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. “తప్పు కాదు. కానీ అడిగింది అది కాదు.”

ఇంత నిక్కచ్చి మనిషి జీవితంలో ఆ ఒక్క ఆదివారం రాకపోయి ఉంటే, ఈ కథ చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, మాస్టారు పడింది కూడా తన సొంత ప్రశ్నలోనే.

మాస్టారికి తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. మిగిలింది ఒక అక్క, ఒక చెల్లి. అక్క మొగుడు అంటే బావ, ఆ రోజుల్లో అద్దె షెడ్డులో నలుగురు పనివాళ్లతో అట్టపెట్టెలు చేయించేవాడు. పెళ్లయిన నెలకే ఈ ఇద్దరు పిల్లల్నీ తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. మాస్టారి కాలేజీ ఫీజులు కట్టాడు, బూట్లు కొన్నాడు, పరీక్షలకి స్కూటరు మీద దింపాడు. ఏనాడూ ఎత్తిపొడవలేదు. అందుకే మాస్టారికి బావ అంటే భక్తి. అంతటి భక్తి ఉన్నచోట అసలైన మాట బయటికి రావడం కష్టమని ఆయనకి తర్వాతెప్పుడో తెలిసింది.

చెల్లిది వేరే దారి. చదువు అబ్బలేదు, కుట్టుమిషను అబ్బింది. “దీనికి పెళ్లెందుకు, మిషన్ని చేసుకుంది కదా” అని అక్క వెక్కిరించేది. స్కూలు యూనిఫారాలతో మొదలుపెట్టి, నర్సుల గౌన్ల మీదుగా ఆఫీసు కోట్లు కుట్టే దాకా వచ్చింది. రద్దీ వీధిలో ఒక మూల కొట్టు అద్దెకి తీసుకుంది. ముందు గదిలో కొలతలు, వెనక గదిలో రెండు మిషన్లు, మధ్యలో పూల గుడ్డ తెర. పంతొమ్మిదేళ్లు ఆ కొట్లో కూర్చుని, సూది బెజ్జంలోంచి చూసినట్టు ఒక్కటే చూసింది. ఎప్పటికైనా ఆ కొట్టు తనది కావాలి.

ఆ ఏడాది ఆ రోజు రానే వచ్చింది. కొట్టు యజమాని ముసలాయన అమ్మేస్తానన్నాడు. ఇరవై లక్షలు. పద్నాలుగు ఇప్పుడిస్తే, మిగతాది వాయిదాల్లో తీసుకుంటానన్నాడు. ఇన్నేళ్లుగా ఉన్న మనిషివి కాబట్టి నెలాఖరు దాకా నీకోసం ఆగుతాను, ఆ తర్వాత ఎవరడిగితే వాళ్లకిస్తాను అన్నాడు. చెల్లి దగ్గర సరిగ్గా పద్నాలుగు లక్షలున్నాయి.

అదే నెలలో బావ అందరినీ ఆదివారం భోజనానికి పిలిచాడు.

అప్పటికి బావది అద్దె షెడ్డు కాదు. సొంత ఫ్యాక్టరీ, ప్రైవేటు కంపెనీ, గేటు దగ్గర కాపలావాడు. భోజనాలయ్యాక బల్ల తుడిపించి, రెండు బ్యాలెన్స్ షీట్లు తెచ్చి పరిచాడు. ఒకటి రెండేళ్ల కిందటిది, ఒకటి మొన్నటిది. మనిషి మొహం వెలిగిపోతోంది.

“చూడండి. యజమానుల సొమ్ము మీద లాభం రెండేళ్ల కింద పదహారు శాతం. ఇప్పుడు ఇరవై నాలుగు! బయటివాళ్లకి ఎందుకివ్వాలి? మనవాళ్లే వాటాలు తీసుకుంటే మనమే బాగుపడతాం. యాభై లక్షలు కావాలి. ఎవరికి ఎంత వీలైతే అంత.” చెల్లి వైపు తిరిగి, “నీ పద్నాలుగు ఆ కొట్టులో పెడితే ఏమొస్తుందే? నాలుగు గోడలు. ఇక్కడ పెడితే మూడేళ్లలో రెండు కొట్లు కొనుక్కుంటావు” అన్నాడు.

బావ మోసం చేయడానికి అనలేదు. ఇది గట్టిగా చెప్పుకోవాలి. ఆ ఇరవై నాలుగుని ఆయన మనసారా నమ్మాడు. తన కష్టమే అలా అంకె రూపంలో కనబడుతోందని అనుకున్నాడు.

చెల్లికి ఆ కాగితాలు అర్థం కావు. అర్థమయ్యే మనిషి పక్కనే ఉన్నాడు కదా అని, “అన్నయ్యా, నువ్వు చూసి చెప్పు” అంది.

“చూడవోయ్ బావమరిదీ, నీ విద్యే కదా!” అని బావ కాగితాలు ఆయన ముందుకి జరిపాడు.

మాస్టారికి కాగితం, పెన్సిలు అక్కర్లేదు. చూస్తుండగానే మూడు ముక్కలూ విడివడిపోయాయి. రెండేళ్ల కింద అమ్మకం నాలుగు వందల లక్షలు, లాభం ముప్పై రెండు. అంటే మార్జిన్ ఎనిమిది శాతం. ఆస్తులు నాలుగు వందలు, టర్నోవర్ ఒకటి. సొంత సొమ్ము రెండు వందలు, మల్టిప్లయర్ రెండు. ఎనిమిది, ఒకటి, రెండు. పదహారు.

ఇప్పుడు అమ్మకం ఆరు వందలు, లాభం ముప్పై ఆరు. మార్జిన్ ఆరుకి పడింది. ఆస్తులు ఆరు వందలు, టర్నోవర్ అదే ఒకటి. సొంత సొమ్ము చూస్తే నూట యాభై. పెరగాల్సింది తగ్గింది. ఎందుకంటే పాత భాగస్వామి బయటికి వెళ్లిపోతుంటే అతని వాటాలని కంపెనీయే తిరిగి కొనేసింది, బ్యాంకు అప్పుతో. కొత్త మిషను కూడా అప్పే. ఆరు వందల ఆస్తి మీద నాలుగు వందల యాభై బయటివాళ్లది. మల్టిప్లయర్ నాలుగు. ఆరు, ఒకటి, నాలుగు. ఇరవై నాలుగు.

మార్జిన్ తగ్గింది, టర్నోవర్ ఉన్నచోటే ఉంది. పైకి కదిలింది మల్టిప్లయర్ ఒక్కటే. అది రెండులోనే ఉండి ఉంటే ఈ పాటికి ఆ శాతం పన్నెండు దగ్గర ఉండేది. అప్పు లేకపోతే వడ్డీ తగ్గి మార్జిన్ ఓ పిసరు మెరుగ్గా ఉండేదేమో, అయినా ఇరవై నాలుగు మాత్రం వచ్చేది కాదు. ఇంకో మాట కూడా ఆయనకి వెంటనే తట్టింది. ఇంత లాభం వచ్చే కంపెనీ చుట్టాల్ని సొమ్ము అడుగుతోందంటే, బ్యాంకువాళ్లు ‘ముందు మీ సొంత సొమ్ము పెంచండి, తర్వాతే మా దగ్గరికి రండి’ అని ఉంటారు. ఆ పెంచే సొంత సొమ్ము ఇప్పుడు చెల్లిది కాబోతోంది. ఏదైనా తేడా వస్తే మొదట కరిగేదీ, చివర్లో వంతు వచ్చేదీ ఆ సొమ్మే.

ఇదంతా ఆయనకి తెలియడానికి పట్టింది అర నిమిషం. అక్క కాఫీ గ్లాసులు పంచుతోంది. బావ ఆయన మొహంలోకే చూస్తున్నాడు, మార్కుల కోసం చూసే విద్యార్థిలా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు అవుతుందేమో అనిపించింది మాస్టారికి. అదీ ఆ ఇంటి అన్నం ఇంకా చేతికి ఆరకముందే.

“పదహారు నుంచి ఇరవై నాలుగు అయింది. పెరిగింది” అన్నాడు.

“విన్నావా!” అన్నాడు బావ.

“బాగుందన్నమాట” అంది చెల్లి.

“ఊఁ. పెరిగింది కదా” అని మాస్టారు కాఫీ తాగాడు. గొంతు కాలింది.

తప్పు కాదు. కానీ అడిగింది అది కాదు.

ఇంటికి వెళ్తూ బస్సులో ఆయన తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. నలుగురిలో బావని చిన్నబుచ్చడం బాగుండదు. చెల్లికి విడిగా చెప్దాం, ఈ వారంలోనే. వారంలో ఏడు రోజులుంటాయి కదా. సోమవారం క్లాసు. మంగళవారం తలనొప్పి. బుధవారం ఫోను చేతిలోకి తీసుకుని, ఏ మాటతో మొదలుపెట్టాలో తేలక కిందపెట్టేశాడు. చెప్తే చెల్లి అక్కతో అంటుంది, అక్క బావతో అంటుంది, బావ ఏమనుకుంటాడు? పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఇలా నీళ్లు నములుతూ ఉండగా కాలేజీవాళ్లు అర్ధసంవత్సర పరీక్ష పేపరు అడిగారు.

ఇక్కడ ఆయన చేసిన పని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. బావ కంపెనీ అంకెలే ప్రశ్నగా వేశాడు! ఎందుకయ్యా అంటే, ప్రశ్న అంత శుభ్రంగా ఎప్పుడూ దొరకలేదు. ఒక ముక్క తగ్గింది, ఒకటి కదల్లేదు, ఒకటి రెట్టింపయింది. ఇరవై రెండేళ్లు ప్రశ్నలు తయారుచేసిన మనిషికి అలాంటి అంకెలు దొరికితే చేతులు ఊరుకోవు. పేరు తీసేశాడు. ‘అట్టపెట్టెలు తయారుచేసే ఒక కంపెనీ’ అని రాశాడు. పాత భాగస్వామి వాటాలు అప్పుతో కొన్న సంగతి కూడా ఒక వాక్యంలో ఇచ్చాడు. కింద మూడు ప్రశ్నలు. రిటర్న్ ఆన్ ఈక్విటీలో వచ్చిన మార్పు ఎంత? ఆ మార్పుకి ఏ భాగం కారణం? కొత్తగా వాటాలు కొనాలనుకుంటున్న ఒక సామాన్యురాలికి మీరు ఏం సలహా ఇస్తారు?

మూడో ప్రశ్న రాస్తున్నప్పుడు కూడా ఆయన పెన్ను ఆగలేదు. అదొక మంచి ప్రశ్న అనుకున్నాడు, అంతే. మనసులో మోస్తున్న బరువు కాగితం మీద దించేసుకుంటే దిగిపోతుందనుకున్నాడేమో పాపం. నలభై ఒక్కమందికి చెప్పాడు, చెప్పాల్సిన ఒక్కదానికి తప్ప.

పై వారం శుక్రవారం పరీక్ష. శనివారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో బల్ల మీద పేపర్లు దిద్దుతూ కూర్చున్నాడు. విద్యార్థులు బాగా రాశారు. ముప్పై మూడుమంది మల్టిప్లయరే అని పట్టుకున్నారు. బ్యాంకు కౌంటరులో పనిచేసే అమ్మాయి, చివరి బెంచీలో కూర్చునేది, తరగతిలో నోరు విప్పేది కాదు, అందరికంటే బాగా రాసింది. ‘ఈ పెరుగుదల సంపాదించింది కాదు, అప్పు తెచ్చుకున్నది. అమ్మకం ఇరవై శాతం పడినా వడ్డీ మాత్రం పడదు. అప్పుడు ఇదే నాలుగు రెట్లు కిందికి కూడా లాగుతుంది. ఆవిడకి తన పొదుపు అందులో పెట్టొద్దని చెప్తాను. తప్పదంటే, బ్యాంకు ఏ షరతు పెట్టిందో ముందు అడగమంటాను.’

మాస్టారు ఎర్రసిరాతో పక్కన ‘భేష్’ అని రాశాడు. పూర్తి మార్కులు వేశాడు. ఆ సిరా ఆరుతుండగానే ఫోను మోగింది.

“అన్నయ్యా, నేనే” అంది చెల్లి. “రేపు బావకి చెక్కు ఇద్దామనుకుంటున్నా. కొట్టాయనకి వద్దని కబురు పెట్టాలి. దానికి ముందు ఇంకోసారి నిన్ను అడుగుదామని చేశా.”

“చెప్పమ్మా.”

“ఇవ్వనా?”

బల్ల మీద ఆ పేపరు అలాగే తెరిచి ఉంది. జవాబు ఆయన కళ్లెదురుగా, ఇంకొకరి చేతిరాతలో, ఆయన పెట్టిన ‘భేష్’తో ఉంది. చదివి వినిపిస్తే చాలు. సొంత మాట కూడా అక్కర్లేదు.

“నువ్వు బాగా చూశావు కదా అన్నయ్యా? బాగా చూసే చెప్పావు కదా?”

“చూశానమ్మా.”

“మరి?”

“బావ మంచివాడు” అన్నాడు మాస్టారు. “మనకి ఎప్పుడూ చెడు చెయ్యలేదు.”

“సరే అన్నయ్యా” అని పెట్టేసింది.

మర్నాడు చెల్లి చెక్కు బావకి ఇచ్చేసింది. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పరీక్ష పేపర్లో ఆ అమ్మాయి రాసినట్టే జరిగింది, కాకపోతే ఇరవై శాతం కాదు, ఇంకా ఎక్కువ. అట్టపెట్టెల్లో సగం కొనే సబ్బుల కంపెనీ ఏడాదిన్నర తర్వాత సొంతంగా పెట్టెలు చేసుకోవడం మొదలుపెట్టింది. అమ్మకం పడిపోయింది. మిషను వాయిదాలు పడిపోలేదు, వడ్డీ పడిపోలేదు. మొదటి ఏడాది నష్టం సొంత సొమ్ములో మూడో వంతు తినేసింది, రెండో ఏడాది మిగతాదాన్ని నాకేసింది. బ్యాంకువాళ్లు ఫ్యాక్టరీ అమ్ముకున్నారు, వాళ్ల బాకీకే బొటాబొటీగా సరిపోయింది. వాటాదారుల వంతు వచ్చేసరికి గిన్నె అడుగు కనిపించింది. బావ ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. చెల్లి కాళ్ల మీద పడబోతే ఆవిడే పట్టుకుని లేపింది. “ఊరుకో బావా, నువ్వు కావాలని చేశావా” అంది.

కొట్టుని ఎవరో చెప్పుల వ్యాపారి కొనుక్కున్నాడు. వీధివైపు గోడంతా పగలగొట్టి అద్దాలు పెట్టాడు. చెల్లి ఉన్న రెండు మిషన్లలో ఒకటి అమ్మేసి, రెండోదాన్ని అద్దె ఇంటి మూడో అంతస్తుకి ఎక్కించింది. కోట్లు కుట్టించుకునేవాళ్లు అన్ని మెట్లు ఎక్కి ఎందుకొస్తారు? ఇప్పుడు పెద్ద దుకాణాలవాళ్లు పంపే ప్యాంట్లకి అంచులు మడుస్తుంది, చైనులు మారుస్తుంది. ముక్కకింత అని ఇస్తారు.

మాస్టారు కాలేజీలో మరో ఆరేళ్లు పనిచేశాడు. ‘ఏది కదిలింది?’ అని అడగడం మాత్రం మానేశాడు. ఎందుకు మానేశాడో విద్యార్థులకి తెలియదు. వయసు మీద పడి చప్పబడిపోయాడు అనుకున్నారు. ‘పెరిగింది’ అని మాత్రమే రాసినవాళ్లకి కూడా ఒకటో రెండో మార్కులు వేయడం మొదలుపెట్టాడు. అంత మాత్రం రాసినవాణ్ణి సున్నా చేసే అర్హత తనకి లేదనుకున్నాడు. అలా చేయడం ఇంకో తప్పని కూడా ఆయనకి తెలుసు. వాళ్లకి నేర్పాల్సింది నేర్పలేదు కదా, తన సిగ్గుని తీసుకెళ్లి వాళ్ల మార్కుల్లో కలిపాడు.

బావ పోయాక, పదిహేను రోజులకి, మాస్టారు చెల్లి ఇంటికి వెళ్లాడు. చెప్పేద్దామనే వెళ్లాడు. ఇక నొచ్చుకోవడానికి బావ లేడు. మనిషి పోయాక ధైర్యం రావడం ఏం ధైర్యమో గానీ, వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకోకపోతే మంట తగ్గదనుకున్నాడు.

చెల్లి కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఉంది. పక్కన ప్యాంట్ల గుట్ట. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి.

“కూర్చో అన్నయ్యా. ఈ అంచు అయిపోతే లేస్తా.”

“లేవకు. ఒక మాట చెప్పాలి” అని నిలబడే మొదలుపెట్టాడు. ఆదివారం భోజనం, ఎనిమిది ఒకటి రెండు, ఆరు ఒకటి నాలుగు, అప్పు, బ్యాంకు షరతు, పరీక్ష పేపరు, ఎర్రసిరా, తను ఫోనులో అన్న మాట, అన్నీ చెప్పాడు. క్లాసులో చెప్పినట్టు వరసగా చెప్పాడు, ఎందుకంటే ఇంకోలా చెప్పడం ఆయనకి రాదు. “నాకు తెలుసమ్మా. అర నిమిషంలో తెలిసిపోయింది. తెలిసి చెప్పలేదు. నీ కొట్టు పోయింది నా వల్ల.”

చెల్లి మిషను ఆపింది. ప్యాంటుని మిషను కిందనుంచి తీసి, దారం పంటితో కొరికి, మడిచి గుట్ట మీద పెట్టింది. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. అది చూసి ఆయనకి భయమేసింది.

“నీ దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి, బ్యాంకులో చేసేది, సన్నగా ఉండేది” అంది. “ఇంటర్వ్యూకని నా దగ్గర కోటు కుట్టించుకుంది. ఆ శనివారం కొలతలు సరిచూసుకోవడానికి వచ్చింది. భుజాలకి పిన్నులు పెడుతుంటే ఊరుకోదే, నిన్న పరీక్ష ఎంత బాగా రాశానో అని ఒకటే చెప్పడం. అట్టపెట్టెల కంపెనీ అట, పదహారు, ఇరవై నాలుగు అట. భాగస్వామి వాటా అప్పు చేసి కొన్నారట. అదంతా వాపేనట. డబ్బు పెట్టాలనుకునే ఆవిడకి వద్దని రాశానంది.”

మాస్టారు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

“నా చేతిలో పిన్ను ఆగిపోయింది అన్నయ్యా. ఆ అంకెలు నాకు తెలుసు కదా, బావ రోజూ చెప్పేవాడు. ఆ రాత్రంతా ఆలోచించా. అది మన కంపెనీ అయ్యుండదనుకున్నా. అదే అయితే మా అన్నయ్య ఊరందరికీ ప్రశ్న ఇచ్చి, నాకు చెప్పకుండా ఉంటాడా అనుకున్నా.”

వీధిలో ఎవరిదో బండి స్టార్టవక మొరాయిస్తోంది. చెల్లి గుట్టలోంచి ఇంకో ప్యాంటు తీసి తిరగేసి, అంచు చూసుకుంది.

“మర్నాడు ఫోన్ ఎందుకు చేశాననుకున్నావు?” అంది. “నువ్వు అవునంటావా కాదంటావా అని కాదు. ఆ అమ్మాయి చెప్పిన మాట నీ నోట వింటానేమోనని. రెండుసార్లు అడిగాను కూడా.”

“అయినా ఎందుకిచ్చావమ్మా? తెలిసి కూడా ఎందుకిచ్చావు?”

“బాగా చూశానన్నావు కదా” అంది చెల్లి. “ఆ అమ్మాయి మాట నమ్మాలంటే నిన్ను నమ్మకూడదు. ఆ పని నా వల్ల కాలేదు.”

ఆవిడ ప్యాంటుని సూది కింద పెట్టి, కాలితో మిషను తొక్కడం మొదలుపెట్టింది.